తొంభై అక్క లెక్క

షేర్లు కొని అమ్మేవాళ్ళ ఫోన్ గ్రూపులో ఆమెను అందరూ తొంభై అక్క అనేవారు. వంద సార్లు కొంటే తొంభై సార్లు లాభానికే అమ్ముతుందని ఆ పేరు. గ్రూపులో మూడు వందల పన్నెండు మంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరి మొహమూ ఆమె చూడలేదు, ఆమె మొహమూ వాళ్ళెవరూ చూడలేదు. అయినా పొద్దున తొమ్మిదయ్యేసరికి "గుడ్ మార్నింగ్ తొంభై అక్కా" అని పది పదిహేను పలకరింపులు వచ్చి పడేవి. వాటికోసం ఆమె ఎనిమిదింటికల్లా స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, తల దువ్వుకుని బల్ల ముందు కూర్చునేది. ఫోన్లోంచి ఎవరికీ కనబడనిదానికి ఆ ముస్తాబు ఎందుకని అడగడానికి ఇంట్లో రెండో మనిషి ఉంటే కదా.

ఇల్లంటే రెండు గదులు, ప్రింటింగ్ షాపు పైన. కింద మిషను ఆడుతున్నంతసేపూ పైన గచ్చు సన్నగా వణుకుతుంది. ఆదివారం మిషను ఆగిపోతుంది. అప్పుడు గోడ గడియారం మీద చెయ్యి చేసుకోవాలనిపించేంత నిశ్శబ్దం. భర్తతో విడిపోయి తొమ్మిదేళ్ళు. పంతొమ్మిదేళ్ళు పనిచేసిన గాజుసీసాల ఫ్యాక్టరీ మూతపడి ఏడాదిన్నర. మూసేటప్పుడు చేతిలో పెట్టిన డబ్బుతో, ఎవర్నీ అడక్కుండా, నాలుగు వీడియోలు చూసి షేర్లలోకి దిగింది. దిగి పద్నాలుగు నెలలు.

ఆమె పద్ధతి మరీ బ్రహ్మవిద్యేం కాదు. బాగా పడి, మళ్ళీ లేస్తున్న షేరు ఒకటి చూసి పాతికవేలకు కొనాలి. రెండు మూడు రోజుల్లో రెండు వందల యాభై వస్తే చాలు, అమ్మేయాలి. ఎదురు తిరిగి తొమ్మిది వందలు పోతే మారుమాట లేకుండా నష్టానికే అమ్మేసి చేతులు దులుపుకోవాలి. నోటుబుక్కు మొదటి పేజీలో ఈ రెండో నియమం కింద ఎర్ర గీత కూడా కొట్టుకుంది. గీత కొట్టడం ఎంతసేపు!

ఆ శనివారం తమ్ముడు ఫోన్ చేశాడు. మూడు గంటల ప్రయాణం దూరంలో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం అతనిది. ఉద్యోగం మీద విసుగు పుట్టి ఆర్నెల్లైంది, అక్క లాభాల కబుర్లు విని ఆ విసుగుకు రెక్కలొచ్చాయి.

"సోమవారం పొద్దున్న రాజీనామా ఇచ్చేస్తున్నానక్కా. పీఎఫ్ ఆరు లక్షలొస్తుంది. ఉద్యోగం వదిలాక ప్రతి వారం సోమవారం నుంచి శుక్రవారం దాకా నీ దగ్గరే ఉండి ఇద్దరం కలిసి చేద్దాం. శనాదివారాలు ఇంటికొచ్చేస్తా. సరేనా?"

"సరేనా ఏంట్రా, వెర్రి మొహమా. నీకోసం కుర్చీ కూడా కొన్నా" అందామె. నిజంగానే కొంది. పక్క గదిలో మంచం జరిపి, అతని బట్టలకు అలమారలో రెండు అరలు ఖాళీ చేసింది. ఉదయం కాఫీ రెండు కప్పులు కలపడం ఎలా ఉంటుందో అప్పుడే రుచి చూసేసింది.

"కాకపోతే మీ మరదలు ఒక మెలిక పెట్టింది" అన్నాడు తమ్ముడు. "ఉత్త గెలుపు శాతం చూసి దూకకూడదంట. ఎక్స్‌పెక్టెన్సీ ఎంతో కనుక్కోమంది."

"అదేంట్రా మళ్ళీ?"

"ఏం లేదక్కా. ఎన్నిసార్లు గెలిచావన్నది ఒక్కటే చాలదు. గెలిచినప్పుడు సగటున ఎంతొచ్చింది, ఓడినప్పుడు సగటున ఎంత పోయింది, అవి కూడా కావాలి. గెలుపు శాతాన్ని సగటు లాభంతో గుణించి, అందులోంచి ఓటమి శాతం, సగటు నష్టం గుణించింది తీసేస్తే, ఒక్కో ట్రేడు మీద, అంటే ఒకసారి కొని అమ్మినందుకు, మనకి మిగిలేదెంతో తేలుతుంది. అది సున్నాకి పైనుంటేనే పద్ధతిలో పసున్నట్టు. కిందుంటే ఎన్నిసార్లు గెలిచినా చివరికి బోర్లా పడ్డమే. రేపు సాయంత్రం ఆరింటికి చేస్తా, ఆ అంకెలు చెప్పు చాలు. మీ మరదలు నోరు మూయిస్తా."

మరదలి నోరు మూయించడానికి ఆమెక్కూడా సరదాగానే ఉంది. ఆ పిల్ల మంచిదే, కానీ ప్రతిదానికీ కాగితం మీద రుజువు కావాలంటుంది.

ఆదివారం ఉదయం నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంది. అమ్మేసినవి సరిగ్గా రెండు వందలు. నూట ఎనభైలో లాభం, ఇరవైలో నష్టం. ఖర్చులన్నీ పోను లాభాల మొత్తం నలభై అయిదు వేలు, అంటే సగటున రెండు వందల యాభై. నష్టాల మొత్తం పద్దెనిమిది వేలు, సగటున తొమ్మిది వందలు. వందకు తొంభై గుణించు రెండు వందల యాభై, రెండు వందల ఇరవై అయిదు. వందకు పది గుణించు తొమ్మిది వందలు, తొంభై. తీసేస్తే నూట ముప్పై అయిదు. ఒక్కో ట్రేడుకి నూట ముప్పై అయిదు మిగులు! సరిచూసుకోవడానికి రెండు వందలతో గుణించింది. ఇరవై ఏడు వేలు. నలభై అయిదులోంచి పద్దెనిమిది తీసినా అదే. లెక్క పక్కాగా ఉంది.

ఆమె లేచి గదిలో అటూ ఇటూ నడిచింది. ఎవరికైనా చెప్పాలి. ఆదివారం గ్రూపు కూడా నిద్రపోతుంది, అయినా ఫోన్ తీసి తమ్ముడికి మెసేజ్ రాయడం మొదలుపెట్టింది. మొత్తం ట్రేడ్లు రెండు వందలు అని రాయబోతూ, పాత అలవాటు కొద్దీ ఆఖరి వరుసలో నంబరు చూసింది. కొన్న రోజునే ప్రతి ట్రేడుకీ వరుస నంబరు వేయడం ఆమె పద్ధతి. ఆఖరి నంబరు రెండు వందల ఇరవై అయిదు.

ఇరవై అయిదు తేడా. ఆ ఇరవై అయిదూ ఎక్కడున్నాయో ఆమెకు తెలీక కాదు. నోటుబుక్కు వెనకవైపు నుంచి తెరిస్తే ఉన్నాయి, పైన "దీర్ఘకాలం" అని అందంగా రాసి ఉంది. రెండు మూడు రోజులకని కొన్నవే అవన్నీ. తొమ్మిది వందలు పోయినప్పుడు అమ్మడానికి చెయ్యి రాక, ఇది మంచి కంపెనీ కదా, ఎప్పటికైనా లేస్తుంది, అమ్మితేనే కదా నష్టం అని తనకు తాను నచ్చజెప్పుకుని ఆ పేజీలోకి తోసేసినవి. అలా తోసేసిన ప్రతిసారీ నంబరు మీద చిన్న చుక్క పెట్టింది. ముందు పేజీల్లో ఇరవై అయిదు చోట్ల గడులు ఖాళీగా ఉన్నాయి.

ఈ ఆట ఆమెకు కొత్తేం కాదు. ఫ్యాక్టరీలో దీపపు పెట్టె ముందు కూర్చుని సీసాలు పరీక్షించే పని ఆమెది. బెల్టు మీద సీసాలు వెలుతురు ముందునుంచి పోతుంటే, పగుళ్ళూ గాలిబుడగలూ ఉన్నవి లాగి పక్కన పడేయాలి. పక్కన పడేసినవి వందకు రెండు దాటితే పైవాళ్ళు షిఫ్టు సూపర్‌వైజరు తోలు తీస్తారు. అందుకని ఆ మహానుభావుడు "మళ్ళీ చూద్దాం" అని ఒక నీలం డబ్బా పెట్టించాడు. అనుమానం ఉన్నవీ, అనుమానమే అక్కర్లేకుండా పగిలినవీ అన్నీ అందులోకే. డబ్బా నిండేది, రిపోర్టు మాత్రం ముత్యంలా ఉండేది. నెలాఖరున డబ్బా తిరగేస్తే అసలు రంగు బయటపడేది. ఆ డబ్బా సంగతి పైవాళ్ళ ముందు కుండబద్దలు కొట్టినట్టు చెప్పి, సూపర్‌వైజరుతో రెండేళ్ళు మాటల్లేకుండా ఉన్న మనిషి ఈమే. అలాంటి మనిషి పద్నాలుగు నెలలుగా తన ఇంట్లో తనే నీలం డబ్బా నింపుకుంటూ కూర్చుంది!

మధ్యాహ్నం దాకా ఆమె పెన్ను ముట్టుకోలేదు. అన్నం తింది, గిన్నెలు కడిగింది, కడిగినవే మళ్ళీ కడిగింది. తర్వాత ఇక తప్పదని కూర్చుని, ఆ ఇరవై అయిదింటికీ శుక్రవారం ముగింపు ధర వేసి చూసింది. కొన్నిట్లో రెండు వేలు, కొన్నిట్లో నాలుగు వేలు, ఒకదాంట్లో ఏకంగా తొమ్మిది వేలు. మొత్తం డెబ్భై ఆరు వేల అయిదు వందలు పోయి ఉంది.

కొత్తగా వేసింది. ట్రేడ్లు రెండు వందల ఇరవై అయిదు. గెలిచినవి అవే నూట ఎనభై, అంటే వందకు ఎనభై. ఓడినవి నలభై అయిదు, వందకు ఇరవై. నష్టాల మొత్తం తొంభై నాలుగు వేల అయిదు వందలు, సగటున రెండు వేల వంద. ఎనభై శాతం గుణించు రెండు వందల యాభై, రెండు వందలు. ఇరవై శాతం గుణించు రెండు వేల వంద, నాలుగు వందల ఇరవై. ఫలితం సున్నాకి కింద రెండు వందల ఇరవై. కొన్న ప్రతిసారీ సగటున రెండు వందల ఇరవై చేతులారా పారేసుకుంది. అయిదుసార్లలో నాలుగుసార్లు గెలుస్తూ కూడా!

మనిషన్నాక కొట్టుకుపోయేటప్పుడు దొరికిందల్లా పట్టుకుంటారు. ఆమెకూ ఒకటి దొరికింది. ఎర్ర గీత నియమం పాటించి ఆ నలభై అయిదూ తొమ్మిది వందలకే అమ్మేసి ఉంటే? ఇరవై శాతం గుణించు తొమ్మిది వందలు, నూట ఎనభై; లాభం వైపు రెండు వందల్లోంచి అది పోతే ఇరవై. పైనే ఉంది! పద్ధతి మంచిదే, తప్పంతా తన చేతిది, తమ్ముడు పక్కనుంటే ఆ తప్పు చేయనివ్వడు. ఈ మాట చెప్తే వాడొచ్చేస్తాడు. ఆనందంతో ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కానీ పంతొమ్మిదేళ్ళు దీపపు పెట్టె ముందు కూర్చున్న కళ్ళు ఊరుకోవు. గెలిచిన నూట ఎనభైలోనూ కొన్ని ముందు తొమ్మిది వందల నష్టం దాటి కిందకి దిగి, ఆమె అమ్మకుండా మొండికేస్తే తిరిగి లేచినవే. నియమం పాటిస్తే అవీ ఓటములే అయ్యేవి. అలాంటిది ఒక్కటి అటు మారితే లాభం రెండు వందల యాభై పోయి, పైన తొమ్మిది వందల నష్టం, వెరసి పదకొండు వందల యాభై తేడా. రెండు వందల ఇరవై అయిదు ట్రేడ్ల మీద ఆ ఇరవైల మిగులు నాలుగు వేల అయిదు వందలే కాబట్టి నాలుగు మారితే చాలు, అది తుడిచిపెట్టుకుపోతుంది. పాత ధరలు తీసి వెతికింది. తొమ్మిది దొరికాక వెతకడం మానేసింది.

సాయంత్రం అయిదింటికి ఇంట్లో ఉండలేక కిందకి దిగింది. వీధి చివర టీ బడ్డీ దగ్గర నిలబడి ఒక టీ తాగింది. టీ పోసే ఆయనకు ఆమె పదేళ్ళుగా తెలుసు.

"చక్కెర తక్కువే కదమ్మా?"

"తక్కువే."

ఆ రోజు అప్పటిదాకా ఆమెతో మనిషనేవాడు మాట్లాడిన మాట అదొక్కటే. బస్టాపులో ఒక తల్లీ కూతురూ ఒకే బిస్కెట్ ప్యాకెట్ కోసం పోట్లాడుకుంటుంటే చూస్తూ కాసేపు నిలబడింది. పోట్లాడుకోవడానికైనా మనిషుండాలి కదా అనిపించి, ఆ అనిపించినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

వెనక పేజీ సంగతి చెప్పకపోతే ఏమవుతుంది? రెండు వందలు, తొంభై, రెండు వందల యాభై, తొమ్మిది వందలు. ఒక్క అంకెలోనూ అబద్ధం లేదు. వాడు రేపు రాజీనామా ఇస్తాడు, నెల తిరిగేలోపు సంచీ పట్టుకుని మెట్లెక్కుతాడు. గదిలో ఇంకొకరు దగ్గుతారు, విసుక్కుంటారు, అక్కా తువ్వాలెక్కడ అని కేకేస్తారు. వాడి ఆరు లక్షలు మెల్లిగా కరుగుతాయి, కరుగుతున్నట్టు కొన్నాళ్ళు వాడికీ తెలీదు, వాడికీ ఒక వెనక పేజీ ఉంటుంది. ఎంత కాలం? ఏడాది? ఆ ఏడాది ఆమెకు కావాలి. అంతగా కావాలనిపించిన వస్తువు ఆమె జీవితంలో ఇంకోటి లేదు.

సరిగ్గా ఆరింటికి ఫోన్ మోగింది.

"ఆఁ అక్కా, చెప్పు. స్పీకర్లో పెట్టా, మీ మరదలు కూడా వింటోంది."

"ఎలా ఉన్నారు వదినా?" అని వెనకనుంచి గొంతు.

"బావున్నానమ్మా." ఆమె నోటుబుక్కు దగ్గరకి లాక్కుంది. ముందు పేజీ తెరిచి ఉంది. ఒక్క క్షణం ఆ పేజీనే చదివేయబోయింది, మొదటి అంకె నాలిక మీదకి వచ్చేసింది కూడా. మింగేసి, పుస్తకం తిరగేసింది.

"రెండు వందల ఇరవై అయిదు ట్రేడ్లురా. గెలుపు ఎనభై శాతం."

"తొంభై కదా?"

"తొంభై కాదు. ఎనభై. సగటు లాభం రెండు వందల యాభై. సగటు నష్టం రెండు వేల వంద."

అవతల ఇద్దరూ లెక్క కడుతున్నారు. తమ్ముడికంటే ముందు మరదలే తేల్చింది. "మైనస్ రెండు వందల ఇరవై" అని మెల్లిగా అనడం వినిపించింది.

"అదెలా అక్కా? అందరూ నిన్ను..."

"నష్టానికి అమ్మడం ఇష్టంలేక ఇరవై అయిదు దాచేశాను. అవి లెక్కలో వేయలేదు. నీ దగ్గరే కాదు, నా దగ్గర కూడా మసిపూసి మారేడుకాయ చేశాను. రేపు రాజీనామా ఇవ్వకు."

"పోనీ ఆ నష్టాలు తొందరగా కోసేస్తే? పద్ధతి..."

"అదీ చూశా. పస లేదు. ఉద్యోగం చూసుకోరా."

ఫోన్ మీద చెయ్యి మూసిన చప్పుడైంది, కానీ సరిగ్గా మూయలేదు. మరదలు గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. "అమ్మయ్య, నాన్న ఎక్కడికీ వెళ్ళడు" అని తమ చిన్న కూతురితో అంటోంది. పిల్ల చప్పట్లు కొట్టింది. ఆ ఇంట్లో ఒక్కసారిగా ముగ్గురూ మాట్లాడుకుంటున్నారు, తమ్ముడు నవ్వుతున్నాడు కూడా. వాడికి రావాలని అంతగా లేదని అప్పుడు తెలిసిందామెకు. వాళ్ళ మీద కోపం రాలేదు. తను బయట నిలబడి ఎవరింటి కిటికీలోంచో లోపలికి చూస్తున్నట్టుంది, అంతే.

తమ్ముడు మళ్ళీ ఫోన్లోకొచ్చాడు. గొంతులో కాస్త మొహమాటం. "నువ్వు చెప్పావు కాబట్టి బతికిపోయామక్కా. కానీ ఒకటి అడగనా? పోతోందని నీకు తెలీకుండా ఉండదు. పద్నాలుగు నెలలు ఎందుకు ఆడావ్?"

"ఆపేస్తే పొద్దున్నే నన్ను పలకరించేదెవర్రా?"

"వచ్చే వారం ఓసారి వస్తాంలే" అన్నాడు. వస్తాంలే అన్న మాటకి తేదీ ఉండదని ఇద్దరికీ తెలుసు.

సోమవారం మార్కెట్ తెరిచింది. ఆమె దీర్ఘకాలం పేజీ పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటే అమ్మడం మొదలుపెట్టింది. మొదటిది అమ్మే ముందు ధర మూడుసార్లు చూసింది. ఆరోదానికి చూడటం మానేసింది. అమ్మిన ప్రతిదానికీ ముందు పేజీల్లో ఖాళీగా ఉన్న గడి వెతికి, నష్టం ఎంతో నీలం సిరాతో రాసింది. పదిన్నరకు ఇరవై అయిదూ అయిపోయాయి. నోటుబుక్కులో ఒక్క ఖాళీ గడి కూడా మిగల్లేదు.

తర్వాత గ్రూపు తెరిచింది. అప్పటికే పద్నాలుగు పలకరింపులు వచ్చి ఉన్నాయి. ఇన్నాళ్ళూ తనను తొంభై అన్నవాళ్ళకి నిజం చెప్పకపోతే నిద్రపట్టదనిపించింది. ఏం తిట్టినా పడదామనుకుంది. తిట్టినా అది తనతో మాట్లాడినట్టే కదా. అంకెలన్నీ తప్పుల్లేకుండా రాసింది. మొత్తం ట్రేడ్లు రెండు వందల ఇరవై అయిదు, గెలుపు ఎనభై శాతం, ఒక్కో ట్రేడుకి సగటున రెండు వందల ఇరవై నష్టం, ఇరవై అయిదు నష్టాలు దాచి మీ అందరికీ తప్పు చెప్పాను, నన్ను నమ్మి ఎవరైనా కొనుంటే క్షమించండి. పంపి, ఫోన్ బల్ల మీద పెట్టి కూర్చుంది.

నిమిషంలో జవాబులు మొదలయ్యాయి. పైకెత్తిన బొటనవేలు ఒకటి, మరొకటి, వరుసగా ముప్పై ఎనిమిది. రెండు చప్పట్ల బొమ్మలు. ఒకాయన "సూపర్ తొంభై అక్కా, ఇలాగే దూసుకుపోండి" అని రాశాడు. ఇంకొకరు పువ్వుల బొమ్మ పెట్టారు. ఆ కింద మరెవరో ఏదో షేరు ధర అడిగారు, మాటలు దానిమీదకి వెళ్ళిపోయాయి.

ఆమె రాసింది ఎవరూ చదవలేదు. ఈరోజే కాదు, ఏ రోజూ చదివినట్టు లేదు. ఆమె పేరు కనబడగానే వేలు దానంతటదే వెళ్ళి బొటనవేలి బొమ్మ మీద పడుతోంది. ట్రేడుకి రెండు వందల ఇరవై పోసి ఆమె పద్నాలుగు నెలలు కొనుక్కున్న తోడు ఇదే.

గదిలో ఒక్కతే పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, కింద మిషను చప్పుడుకి అది ఎవరికీ వినపడలేదు. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, గ్రూపులోంచి బయటికి వచ్చేసింది.